పైవన్నీ, పైవేవీ కావు: ఒక ప్రతిపదార్థం

గోదావరి నది ప్రవహించే రాష్ట్రం కింది వాటిలో ఏది?
ఎ) మహారాష్ట్ర బి) తెలంగాణ సి) ఆంధ్రప్రదేశ్ డి) పైవన్నీ

గ్రూప్స్‌కు చదివే పిల్లలకు ఈ ప్రశ్న ఇచ్చినప్పుడల్లా తెలిసినవాళ్ళే కొందరు తప్పు పెడతారు. రాజమండ్రిలో గోదావరి చూశారు కాబట్టి ‘సి’ దగ్గర కన్ను ఆగిపోతుంది, చేయి ఆ గడి దిద్దేస్తుంది. వాళ్ళకు తెలియనిది భూగోళం కాదు. ప్రశ్నలోని మాటలు ఒక్కొక్కటి ఏం చెబుతున్నాయో ఎవరూ విప్పి చెప్పలేదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పినట్టు ఈ నాలుగైదు మాటలకూ చెప్పుకుందాం.

ఏది

అన్నిటికీ ఆధారం ఈ ఏకవచనమే. ‘ఏవి’ అనలేదు, ‘ఏది’ అన్నారు. ఓఎంఆర్ పత్రంలో ఒక్క గడే దిద్దాలి, కీలో ఒక్క అక్షరమే ఉంటుంది. అంటే ప్రశ్న తయారుచేసినవారు మనకొక మాట ఇచ్చారు: నాలుగింటిలో సరైనది ఒక్కటే.

ఆ మాట విలువ ఎంతో లెక్కేస్తే తెలుస్తుంది. ఎ, బి, సి అనే మూడు వాక్యాల్లో ప్రతిదీ నిజమో అబద్ధమో కావచ్చు కాబట్టి మొత్తం ఎనిమిది రకాలుగా ఉండే వీలుంది. ఇచ్చిన ఐచ్ఛికాలు వాటిలో నాలుగింటికే చోటిస్తాయి: ఎ ఒక్కటే నిజం, బి ఒక్కటే నిజం, సి ఒక్కటే నిజం, మూడూ నిజం. ఏవో రెండు మాత్రమే నిజమయ్యే మూడు సందర్భాలకూ, ఏదీ నిజం కాని సందర్భానికీ దిద్దడానికి గడి లేదు. ఒక్క జవాబు ఉందన్న మాట నమ్మితే ఆ నాలుగూ జరగవు.

పైవన్నీ

‘అన్నీ’ అంటే ఎ, బి, సి మూడూ, ఒక్కటి తగ్గినా చెల్లదు. కాబట్టి ఎ తప్పని కచ్చితంగా తెలిస్తే ఎ పోవడమే కాదు, డి కూడా పోతుంది. ఒక్క సంగతి తెలిసినందుకు రెండు గడులు రాలిపోయి బి, సి మిగులుతాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. ఎ నిజమని తెలిసినా అంతే జరుగుతుందని మాత్రం చాలామంది గమనించరు. ఎ నిజమైతే బి ఒక్కటే నిజమనడానికి లేదు, సి ఒక్కటే నిజమనడానికీ లేదు. మిగిలేవి ఎ, డి.

ఇక మరొక్క వాక్యం సంగతి తెలిస్తే చాలు, ప్రశ్న తేలిపోతుంది. రెండు నిజాలు తెలిస్తే జవాబు డి. ఒకటి నిజం, ఒకటి అబద్ధం అని తెలిస్తే ఆ నిజమే జవాబు. రెండు అబద్ధాలు తెలిస్తే మిగిలిన మూడోది జవాబు. అంటే ‘పైవన్నీ’ ఉన్న ప్రశ్నలో మూడింట ఏ రెండు తెలిసినా సరిపోతుంది. గోదావరి ప్రశ్నలో తెలంగాణ, ఆంధ్ర తెలిసినవాడికి నది నాసిక్ జిల్లాలో పుడుతుందని తెలియకపోయినా ‘డి’ ధైర్యంగా దిద్దవచ్చు. ‘సి’ దగ్గర ఆగిపోయినవాడు తనకు తెలిసిన రెండో సంగతిని వాడుకోలేదు.

ఒక్కటే తెలిసినప్పుడు ఏం చేయాలన్నది మార్కుల కోతను బట్టి ఉంటుంది. యూపీఎస్సీ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత పడుతుంది. ఏమీ తెలియకుండా ఎనిమిది ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున రెండు ఒప్పు, ఆరు తప్పు. వచ్చిన రెండూ కోతలోనే పోతాయి. అదే ఒక్క వాక్యం తెలిసి రెండు గడులు మిగిలిన ప్రశ్నలు ఆరు రాస్తే సగటున మూడు ఒప్పు, మూడు తప్పు. కోత పోగా రెండు ప్రశ్నల మార్కులు చేతిలో ఉంటాయి. కాబట్టి ‘పైవన్నీ’ ప్రశ్నలో ఒక్క వాక్యం నిజంగా తెలిసినా వదిలేయకూడదని నా అభిప్రాయం.

అయితే ఈ తర్కమంతా ప్రశ్న తయారుచేసినవారు మాట నిలబెట్టుకున్నంతవరకే. ఇది చూడండి:

గోదావరి నది గురించి సరైన వాక్యం ఏది?
ఎ) త్ర్యంబకేశ్వర్ దగ్గర పుడుతుంది
బి) బంగాళాఖాతంలో కలుస్తుంది
సి) భారతదేశంలో ప్రవహించే నదుల్లో అన్నిటికంటే పొడవైనది
డి) పైవన్నీ

ఎ, బి నిజాలు. సి అబద్ధం. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు, గంగ పొడవు 2,525 కిలోమీటర్లు. ‘ద్వీపకల్ప నదుల్లో’ అని ఉండాల్సిన మాట జారిపోయింది. రెండే నిజమయ్యే సందర్భం వచ్చిపడింది, దానికి గడి లేదు. పరీక్ష గదిలో ఉన్నవాడు తయారుచేసినవారి ఉద్దేశం ఊహించి డి పెట్టడమే మేలు. ఎందుకంటే ఎ ఒక్కటే అనడానికీ, బి ఒక్కటే అనడానికీ దారి లేదు. కానీ ప్రాథమిక కీ వచ్చాక, అభ్యంతరాల గడువు ముగియకముందే, ‘సి తప్పు కాబట్టి డి తప్పు, ఎ, బి రెండూ ఒప్పు కాబట్టి ఏ ఒక్కటీ జవాబు కాదు’ అని నదుల పొడవులు చూపించి రాయాలి. ‘ప్రశ్న గందరగోళంగా ఉంది’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ గడి ఎందుకు నిలవదో ఒక్కొక్కటిగా చూపాలి.

పైవేవీ కావు

ఇది ‘పైవన్నీ’కి అద్దంలో బొమ్మలా కనిపిస్తుంది కానీ నడక వేరు. ఎ, బి, సి, ‘పైవేవీ కావు’ అని ఉన్నప్పుడు, ఒక్క నిజం తెలిస్తే చాలు, పని అయిపోయినట్టే. అబద్ధాలు తెలిస్తే మాత్రం తేలదు. ఎ తప్పని తెలిస్తే ఎ ఒక్కటే పోయి మూడు మిగులుతాయి. ఎ, బి రెండూ తప్పని తెలిసినా సి, డి రెండూ నిలబడే ఉంటాయి. డి పెట్టాలంటే మూడో తప్పును కూడా కళ్ళారా చూడాలి. రెండు తప్పులు దొరికాయి కదా అని డి దిద్దేయడం ఇక్కడ పదేపదే జరిగే పొరపాటు. ‘పైవన్నీ’ దగ్గర నేర్చుకున్న రెండు చాలుననే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది.

లెక్కల ప్రశ్నల్లో ఇంకో చిక్కు ఉంది. ఈ ఐచ్ఛికాలు చూడండి: ఎ) 3.14 బి) 22/7 సి) 3.1416 డి) పైవేవీ కావు. ప్రశ్న ‘π కచ్చితమైన విలువ ఏది?’ అయితే జవాబు డి. π కరణీయ సంఖ్య అని 18వ శతాబ్దంలో లాంబర్ట్ నిరూపించాడు. దాన్ని ఏ భిన్నమూ, అంతమయ్యే ఏ దశాంశమూ పట్టలేవు. ‘π కు అన్నిటికంటే దగ్గరి విలువ ఏది?’ అని అడిగితే జవాబు సి. 3.14, 22/7 రెండూ మూడో దశాంశ స్థానంలోనే తేడా పడతాయి, 3.1416 అయిదో స్థానం దాటాక గానీ చెప్పుకోదగ్గ తేడా రాదు. ఇక ఊరికే ‘π విలువ ఏది?’ అని అడిగితే? అది ప్రశ్న రాసినవారి లోపం. బడిలో 22/7 అని నేర్చుకున్న పిల్లవాడు బి పెడతాడు, కాస్త ఎక్కువ చదివినవాడు డి పెడతాడు. ఇద్దరిలో ఎవరిని తప్పుపడతాం? 499లో ఆర్యభటుడు 3.1416కు సమానమైన విలువనిస్తూ దాన్ని ‘ఆసన్నం’ అన్నాడు, అంటే దగ్గరిదని. ఆ ఒక్క మాట ప్రశ్నలో ఉండి ఉంటే ఈ చిక్కే లేదు. కాబట్టి ‘పైవేవీ కావు’ కనబడగానే వెనక్కి వెళ్ళి ప్రశ్నలో ‘కచ్చితమైన’, ‘సుమారు’, ‘అత్యంత సరైన’ లాంటి విశేషణం ఉందేమో వెతకాలి.

పైవన్నీ కావు

ఇది మన భాషకే చెందిన ప్రమాదం. కొన్ని తెలుగు ప్రశ్నపత్రాల్లో ‘పైవేవీ కావు’ అనాల్సిన చోట ‘పైవన్నీ కావు’ అని ఉంటుంది. రెండూ ఒకటి కాదు.

‘తెల్లనివన్నీ పాలు కావు’ అంటాం. తెల్లగా ఉన్న వాటిలో పాలు లేనే లేవని దాని అర్థం కాదు. కొన్ని పాలే, కొన్ని మాత్రం కావు. అదే ‘తెల్లనివేవీ పాలు కావు’ అంటే పాలనే లేకుండా చేసినట్టు. ‘అన్నీ’ పక్కన ‘కావు’ వస్తే ఆ కాదనడం సాధారణంగా ‘అన్నీ’ అనే మాట మీద పడుతుంది. ‘ఏవీ’ పక్కన వస్తే ఒక్కొక్క వస్తువు మీదా పడుతుంది. అయితే వాడుకలో గీత ఇంత శుభ్రంగా ఉండదు. ‘పిల్లలందరూ రాలేదు’ అని ఇంట్లో ఎవరైనా అంటే, కొందరు వచ్చారా, ఒక్కరూ రాలేదా అని మళ్ళీ అడగాల్సిందే. ‘పిల్లలెవరూ రాలేదు’ అంటే అడగక్కర్లేదు.

ఇప్పుడు దీన్ని ప్రశ్నలో పెట్టి చూడండి. ఎ ఒక్కటే నిజమనుకోండి. ‘పైవన్నీ కావు’ను పాల సామెత అర్థంలో తీసుకుంటే, మూడూ నిజం కాదు కాబట్టి డి కూడా నిజమే. అప్పుడు ఎ, డి రెండూ ఒప్పవుతాయి, ఒక్కటే జవాబన్న మాట చెడుతుంది. ‘ఏవీ కావు’ అనే అర్థంలో తీసుకుంటే ఎ ఒక్కటే నిలుస్తుంది. అందుకే ఈ మాట ఎదురైనప్పుడు ‘ఏవీ కావు’ అనే చదవాలి, ఒక్క జవాబు మిగిల్చే అర్థం అదే. పత్రం రెండు భాషల్లో ఉంటే పక్కనున్న ఇంగ్లిషు పాఠం చూడాలి. వివాదం వస్తే ఏ భాషా పాఠం చెల్లుతుందో పత్రం మొదటి పేజీలోని సూచనల్లో ముందే చదివి ఉంచుకోవాలి. తెలుగులోకి మార్చేవారు ఒక్క ‘అన్నీ’ని ‘ఏవీ’గా దిద్దితే ఇంత పని ఉండదు.

కానిది, లేనిది, ప్రవహించనిది

కృష్ణా నది ప్రవహించని రాష్ట్రం ఏది? ఎ) మహారాష్ట్ర బి) కర్ణాటక సి) తెలంగాణ డి) పైవేవీ కావు. మూడింట్లోనూ ప్రవహిస్తుంది కాబట్టి జవాబు డి. తెలిసినవాడు కూడా ఇక్కడ తడబడేది రెండు కాదనడాలు ఎదురెదురుగా నిలబడినందుకు. నేను చెప్పేది ఒక్కటే: ప్రతి రాష్ట్రం పక్కనా ‘ప్రవహిస్తుంది’ అనో ‘ప్రవహించదు’ అనో పెన్సిలుతో రాసుకోండి, ఆ తర్వాతే డి చదవండి. ‘ప్రవహించదు’ ఒక్కచోటా పడలేదా, అయితే డి.

పై

‘పై’ అంటే ఈ ఐచ్ఛికానికి ముందున్నవి. ఐచ్ఛికాల వరుస మార్చి నాలుగు సెట్లు తయారుచేసినప్పుడు ‘పైవన్నీ’ బి స్థానానికి వచ్చిందనుకోండి, దాని పైన ఉండేది ఒక్క ఎ మాత్రమే. అలాంటిది కనిపిస్తే ‘మిగిలినవన్నీ’ అని చదువుకోవడం తప్ప గత్యంతరం లేదు. ఇది కూడా అభ్యంతరానికి తగినదే.

ఎ, బి అని రెండే వాక్యాలిచ్చి, సి) పై రెండూ, డి) పై రెండూ కావు అని పెట్టే పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. రెండు వాక్యాలకు ఉండే సందర్భాలు నాలుగే, గడులూ నాలుగే. ఏ సందర్భమూ బయట మిగలదు, కాబట్టి తయారుచేసినవారి మాట మీద ఆధారపడక్కర్లేదు. అందుకే ఇక్కడ అడ్డదారి కూడా ఉండదు: ఒక్కటి తెలిస్తే రెండు గడులు మిగులుతాయి, తేలాలంటే రెండు వాక్యాలూ తెలిసి ఉండాలి.