తంత్రం: చరిత్ర, శ్రీచక్రార్చన, అపోహలు

తంత్రం భారతదేశంలో పుట్టిన ఉపాసనా విధానం. దీక్ష, మంత్రం, న్యాసం, ముద్ర, యంత్రం దీని ప్రధాన సాధనాలు. సాధకుడు వీటితో తన దేహాన్నే దేవతకు నెలవుగా మలుచుకుంటాడు. ఈ విధానం శైవ, శాక్త, వైష్ణవ, బౌద్ధ సంప్రదాయాలన్నిటిలోనూ ఉంది. ఇందులో బయట చేసే పూజ, లోపల చేసే భావన ఒకే క్రియకు రెండు ముఖాలు. శ్రీవిద్యా సంప్రదాయంలోని శ్రీచక్రార్చనలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

చరిత్ర

మాల్వా ప్రాంతంలో క్రీ.శ. 423 నాటి గంగధార్ శాసనం ఒకటి ఉంది. మయూరాక్షకుడనే మంత్రి మాతృదేవతలకు గుడి కట్టించినట్టు అందులో రాసి ఉంది. డాకినుల ప్రస్తావన కూడా ఆ శాసనంలోనే వస్తుంది. ఆ తరువాతి శతాబ్దాల్లో శైవాగమాలు, వాటి వెంట శాక్త, వైష్ణవ, బౌద్ధ తంత్రాలు రూపుదిద్దుకున్నాయి. క్రీ.శ. 1000 ప్రాంతంలో కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు 'తంత్రాలోకం' రాసి శైవ తంత్రాల క్రియలకు, తత్త్వానికి ఒక సమగ్ర రూపం ఇచ్చాడు.

తంత్రం శ్మశానాలకే పరిమితమైన రహస్య వ్యవహారం కాదని చెప్పడానికి తెలుగు నేల మీదే గట్టి ఆధారం ఉంది. అది గుంటూరు ప్రాంతంలోని మల్కాపురంలో దొరికిన 1261 నాటి శాసనం. గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువు కాకతీయ గణపతిదేవునికి దీక్షాగురువు. రుద్రమదేవి విశ్వేశ్వర శంభువుకు గ్రామదానం చేసింది. ఆ ఆదాయంతో ఆయన గుడి, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ప్రసూతిశాల, వైద్యశాల నడిపించాడు. శైవ తంత్ర మార్గంలో దీక్ష పొందిన ఆచార్యుడు రాజగురువుగా ఉంటూ ఊరికి వైద్యం, చదువు, భోజనం అందించిన కాలమది.

శ్రీవిద్యకు మూలగ్రంథాలు నిత్యాషోడశికార్ణవం, యోగినీహృదయం. 16వ శతాబ్దంలో గజపతి ప్రతాపరుద్రుని ఆస్థానానికి చెందిన లొల్ల లక్ష్మీధరుడు సౌందర్యలహరికి వ్యాఖ్య రాశాడు. అందులో పూర్తిగా అంతర్ముఖంగా సాగే సమయాచారాన్ని సమర్థించి, కౌలాచారాన్ని ఖండించాడు. 18వ శతాబ్దంలో భాస్కరరాయలు లలితా సహస్రనామానికి 'సౌభాగ్యభాస్కరం' అనే భాష్యం రాశాడు. ఆయన కౌలమార్గాన్ని సమర్థించినవాడు. ఒకే దేవతను, ఒకే యంత్రాన్ని ఉపాసించే పండితుల మధ్యనే ఇంత భేదం ఉంది. అందుకే తంత్రమంతా ఒకటేనని ఏ తీర్పు చెప్పినా అది నిలవదు.

శ్రీచక్రం

శ్రీచక్రం నడుమ బిందువు ఉంటుంది. దాని చుట్టూ పైకి చూసే నాలుగు శివ త్రికోణాలు, కిందికి చూసే ఐదు శక్తి త్రికోణాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. అలా మొత్తం 43 చిన్న త్రికోణాలు ఏర్పడతాయి. వాటి వెలుపల ఎనిమిది రేకుల పద్మం, పదహారు రేకుల పద్మం, అన్నిటికీ బయట చతురస్రాకారపు భూపురం ఉంటాయి. బిందువుతో, త్రికోణాల వరుసలతో కలిపి ఇవి తొమ్మిది ఆవరణలు. ఒక్కో ఆవరణలో కొందరు దేవతలు ఉంటారు.

ఆ దేవతలు ఎవరో భావనోపనిషత్తు వివరిస్తుంది. భూపురంలో ఉండే బ్రాహ్మి మొదలైన ఎనిమిది మాతృకలు సాధకునిలోని కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు, పుణ్యం, పాపం. పదహారు రేకుల్లో ఉన్నవారు కామాకర్షిణి, బుద్ధ్యాకర్షిణి, అహంకారాకర్షిణి, శబ్దాకర్షిణి, స్మృత్యాకర్షిణి మొదలైనవారు. కోరిక, బుద్ధి, అహంకారం, వినికిడి, జ్ఞాపకం వంటి మన లోపలి శక్తులే ఈ పేర్లలో కనిపిస్తాయి. లలితాదేవి చేతిలోని చెరకువిల్లు మనస్సు, ఐదు పుష్పబాణాలు శబ్దస్పర్శాది విషయాలు, పాశం రాగం, అంకుశం ద్వేషం. ఇంటింటా చదివే సహస్రనామం మొదట్లోనే ఈ ఆయుధాల వర్ణన ఉంది.

పూజాక్రమం

ఆచమనం, ప్రాణాయామం, సంకల్పం అయ్యాక భూతశుద్ధి చేస్తారు. సాధకుడు వాయుబీజం 'యం'తో తనలోని పాపపురుషుణ్ణి ఎండబెట్టినట్టు, అగ్నిబీజం 'రం'తో కాల్చినట్టు, 'వం'తో అమృతం కురిపించినట్టు, 'లం'తో కొత్త దేహం గట్టిపడినట్టు భావిస్తాడు. తరువాత న్యాసం. అక్షరాలను ఒక్కొక్కటిగా ఉచ్చరిస్తూ అకారాన్ని తలపై, ఆకారాన్ని ముఖంపై, ఇ, ఈలను కళ్లపై, ఇలా ఒళ్లంతా స్పర్శతో నిలుపుతాడు. అప్పటికి పూజ చేసే దేహమే మంత్రమయమవుతుంది.

ఆవాహనలో దేవిని ఆకాశం నుంచి పిలవరు. హృదయంలో ధ్యానించిన దేవిని ఊపిరి వెంట వెలికి తెచ్చి, చేతిలోని పువ్వులోకి, పువ్వు నుంచి బిందువులోకి చేరుస్తారు. ఉపచారాల తరువాత ఆవరణపూజ భూపురం దగ్గర మొదలై బిందువు దగ్గర ముగుస్తుంది. అంటే కామక్రోధాలు ముందు, ఆనందం చివర. అక్కడ కామక్రోధాలను తిట్టి తరిమేయరు. వాటినీ శక్తులుగా గుర్తించి, పేరు పెట్టి, అక్షతలు వేసి దాటుతారు. చివర ఉద్వాసనలో అదే పువ్వును వాసన చూసి దేవిని తిరిగి హృదయంలో నిలుపుకుంటారు. రోజూ ఈ రాకపోకల అభ్యాసంతో పూజించేవాడికి, పూజించబడే దేవతకు మధ్య ఉన్న దూరం తగ్గాలన్నదే దీని ఉద్దేశం. భావన లేకుండా చేతులు మాత్రమే కదిలితే ఆ పూజ ఫలించదని సంప్రదాయం చెబుతుంది.

అపోహలు

తంత్రమంటే చేతబడి అన్నది మొదటి అపోహ. వశీకరణ, స్తంభన, విద్వేషణ, ఉచ్చాటన, మారణాల వంటి ప్రయోగాలు తంత్రగ్రంథాల్లో ఉన్నమాట నిజం. వాటిని దాచి పెట్టనక్కర్లేదు. అయితే శ్రీవిద్య వంటి సంప్రదాయాలు నిత్యార్చనను, జ్ఞానాన్ని లక్ష్యంగా పెట్టుకున్నాయి తప్ప వాటిని కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో పల్లెల్లో అమాయకులను కొట్టి చంపిన ఘటనల వెనక ఉన్నది తంత్రశాస్త్రం కాదు, భయం, పాతకక్షలు.

తంత్రమంటే కామకేళి అన్నది రెండోది. కౌలాచారంలో మద్యం, మాంసం, మత్స్యం, ముద్ర, మైథునం అనే పంచమకారాలు ఉన్నాయి. వాటిని కొన్ని గ్రంథాలు ప్రత్యక్షంగా, కొన్ని ప్రతీకలుగా విధించాయి. ఆ అధికారం దీక్ష పొందిన కొందరికే. అక్కడ కూడా అవి పూజాద్రవ్యాలే తప్ప విలాసం కాదు. దక్షిణాచారంలో విశేషార్ఘ్యపాత్రలో పాలు, తేనె వంటివి వాడతారు. 20వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో తంత్రాన్ని శృంగార చికిత్సగా అమ్మడం మొదలయ్యాక ఈ చిన్న భాగమే మొత్తంగా చలామణి అయింది. దీనికి భిన్నంగా, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ వుడ్రాఫ్ 1913లో మహానిర్వాణతంత్రాన్ని, 1919లో కుండలినీ యోగంపై గ్రంథాన్ని ఆర్థర్ అవలాన్ పేరుతో ఇంగ్లీషులో వెలువరించి ఈ శాస్త్రంపై గౌరవం కలిగించారు.

తంత్రం వేదవిరుద్ధమన్నది మూడోది. గుళ్లలో మనం చూసే ప్రాణప్రతిష్ఠ, అంగన్యాస కరన్యాసాలు, బీజమంత్రాలు ఆగమతంత్రాల నుంచి వచ్చినవే. వాటి పక్కనే పురుషసూక్తం, శ్రీసూక్తం వినిపిస్తాయి.

శత్రువును నాశనం చేస్తానని, గుప్తనిధి చూపిస్తానని డబ్బు అడిగేవాడు, పూజ పేరుతో స్త్రీని ఏకాంతానికి రమ్మనేవాడు తాంత్రికుడు కాదు, మోసగాడు. అలాంటివాడు ఎదురైతే భయపడకుండా పోలీసులకు ఫిర్యాదు చేయాలి.