వడ్డీ అసలైన చోట

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో బాకీ తీరని రైతు నోటు తిరగరాసేవాడు. పాత వడ్డీ కొత్త నోటులో అసలుగా చేరేది. 1938లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం ఈ చోటే చెయ్యి పెట్టింది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా, మొదట చేతికిచ్చిన సొమ్మే అసలని చెప్పింది. ఆ ఒక్క వాక్యం విలువ తర్వాతి కాలంలో మరింత తెలిసింది.

బ్యాంకులు ఊళ్లకొచ్చాక నోటు స్థానంలో ఖాతా వచ్చింది. 1987లో తెల్లదోమ పత్తిని తినేసి, ఈ రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నాక రుణ గడువుల సంగతి అందరి నోటా నలిగింది. 1994లో కార్పొరేషన్ బ్యాంకు, డి.ఎస్. గౌడ కేసులో సుప్రీంకోర్టు, పంట రుణంపై మూడు నెలలకోసారి చక్రవడ్డీ కట్టరాదంది. రైతుకు ఆదాయం పంటకోసారే వస్తుంది కదా.

2018 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రకృతి వైపరీత్యంలో 33 శాతం లేదా అంతకు మించి పంట పోతే, పంట రుణాన్ని టర్మ్ లోనుగా మార్చవచ్చు. కనీసం ఏడాది మారటోరియం ఉంటుంది. అప్పటిదాకా పడిన వడ్డీని కూడా కొత్త రుణంలో కలపవచ్చు. చిక్కంతా ఇక్కడే.

లెక్క తేలిగ్గా ఉండేందుకు పది శాతం వడ్డీ అనుకుందాం. లక్ష అప్పు తెచ్చిన మిర్చి రైతు ఖాతాలో ఏడాదికి 10,000 వడ్డీ పడింది. దాన్ని కలిపితే కొత్త ఖాతా 1,10,000తో మొదలవుతుంది. మారటోరియం ఏడాది వడ్డీ 11,000 కూడా చేరి అసలు 1,21,000 అవుతుంది. నాలుగు వార్షిక కిస్తీలకు విడగొడితే అసలు వాటా 30,250. మొదటి కిస్తీలో వడ్డీ 12,100 కలిపి కట్టాల్సింది 42,350. అదే రెండేళ్ల వడ్డీ 20,000ను వేరే పద్దులో ఉంచి, దానిపై వడ్డీ వేయకుండా విడగొడితే మొదటి కిస్తీ 40,000. నాలుగేళ్లు ముగిసేసరికి మొదటి దారిలో 1,51,250, రెండో దారిలో 1,45,000. తేడా 6,250.

2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కరోనా మారటోరియంలోనూ వడ్డీ నడిచింది. చక్రవడ్డీ తేడాను కేంద్రం భరిస్తానన్న పథకంలో పంట రుణాలకు చోటు దక్కలేదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు, ఆ ఆరు నెలలకు వడ్డీపై వడ్డీ ఎవరి దగ్గరా తీసుకోరాదని, తీసుకుంటే తర్వాతి కిస్తీలో సర్దాలని తీర్పిచ్చింది.

గడువు మార్చినప్పుడు సాధారణంగా పాత పంట రుణం ఖాతా మూసి, కొత్త ఖాతా తెరుస్తారు. స్టేట్‌మెంటులో ఆ కొత్త ఖాతా తొలి పద్దును, పాత ఖాతాలో మిగిలిన అసలుతో పోల్చి చూడాలి. ఎక్కువుంటే ఆ ఎక్కువంతా ఏ తేదీ వడ్డీయో మేనేజరుగారిని కాగితం మీద రాసిమ్మనాలి, కొత్త కిస్తీల పట్టిక మీద సంతకం పెట్టకముందే.