క్రియాశీల జ్ఞాపకం, ప్రణాళికా సామర్థ్యాల లోపం (బాలలలో)

క్రియాశీల జ్ఞాపకం అనగా ఒక విషయాన్ని కొద్ది క్షణాలపాటు మనసులో నిలుపుకొని, అదే సమయంలో దానితో పని చేయగల శక్తి. ఆంగ్లంలో దీనిని వర్కింగ్ మెమరీ అంటారు. 47, 38 సంఖ్యలను నోటితో కూడేటప్పుడు ఒకట్ల స్థానంలో వచ్చిన 5ను మరచిపోకుండా, మిగిలిన 1ని పదులకు కలపడం ఈ శక్తి వల్లనే సాధ్యమవుతుంది. దీనికి ఒక నమూనాను 1974లో బ్యాడ్లీ, హిచ్ అను బ్రిటిష్ మనస్తత్వవేత్తలు ప్రతిపాదించారు. ప్రణాళికా సామర్థ్యం అనగా చివరి ఫలితాన్ని ముందుగా ఊహించి, దానికి కావలసిన పనులను వరుసలో పెట్టుకోగలగడం.

ఈ రెండింటిలో బలహీనత ఉన్న పిల్లలు తెలివితక్కువ వారు కారు. చాలామందిలో ఈ లోపం 11, 12 ఏళ్ల వయసులో బయటపడుతుంది. అప్పటివరకు ఒకే ఉపాధ్యాయుడు అడుగడుగునా గుర్తుచేస్తూ ఉంటాడు. ఉన్నత పాఠశాలలో ఒక్కొక్క పాఠ్యాంశానికి ఒక్కొక్కరు వస్తారు, ఇంటిపని ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో పిల్లవాడే చూసుకోవలసి ఉంటుంది. లోపం కొత్తగా పుట్టలేదు, భారం పెరిగింది.

'''పరీక్షకు ముందు చూడవలసినవి'''

మతిమరుపు అని చెప్పబడే ప్రతిదీ జ్ఞాపక లోపం కాదు. వెనుక బల్లపై కూర్చున్న పిల్లవానికి బోర్డు కనబడకపోవచ్చు, చెవిలో చీము వల్ల మాట సగమే వినబడవచ్చు. నిద్ర చాలకపోవడం, రక్తహీనత, ఇంట్లో ఆందోళన కూడా ఇవే లక్షణాలను చూపుతాయి. కనుక కన్ను, చెవి, నిద్ర, రక్తపరీక్షలు ముందు. చదవడం, వ్రాయడంలోనే లోపం ఉన్నదేమో తెలుగులోను, ఆంగ్లంలోను విడివిడిగా చూడాలి. తెలుగులో చక్కగా చదివి ఆంగ్లంలో మాత్రమే తడబడే పిల్లవాని సమస్య తరచుగా మాధ్యమానికి సంబంధించినది.

'''అంకెల పరీక్ష, అందులో ఒక చిక్కు'''

పరీక్షకుడు సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చెబుతాడు, పిల్లవాడు తిరిగి చెప్పాలి. తరువాత వేరే అంకెలు చెప్పి, వాటిని వెనుక నుండి ముందుకు చెప్పమంటారు. ముందుకు చెప్పడం వినికిడి నిల్వను, వెనుకకు చెప్పడం క్రియాశీల జ్ఞాపకాన్ని ఎక్కువగా కొలుస్తాయి. 12 ఏళ్ల వయసులో చాలామంది ముందుకు 5 నుండి 7 అంకెలు, వెనుకకు 4 దరిదాపు చెప్పగలరు. 1969లో మాలిన్ రూపొందించిన భారతీయ బాలల ప్రజ్ఞామాపనిలో ఈ అంకెల పరీక్షతో పాటు, దారి కనుగొనే చిక్కుదారుల పరీక్ష కూడా ఉంది. అయితే దాని ప్రమాణాలు పాతవి కాబట్టి కేవలం ఆ అంకెపై తీర్పు చెప్పరాదు.

తెలుగువారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఉచ్చారణకు ఎక్కువ సమయం పట్టే మాటలు జ్ఞాపకంలో తక్కువగా నిలుస్తాయని 1975లో బ్యాడ్లీ బృందం చూపింది. "టూ, ఫైవ్, ఎయిట్" కంటె "రెండు, ఐదు, ఎనిమిది" పలకడానికి ఎక్కువ సమయం పడుతుంది. కనుక తెలుగులో చేసిన పరీక్ష ఫలితాన్ని ఆంగ్లంలో సేకరించిన ప్రమాణాలతో పోల్చితే పిల్లవాడు ఉన్నదానికంటె బలహీనంగా కనబడతాడు. ఏ భాషలో అడిగారో నివేదికలో వ్రాసి ఉన్నదా అని తల్లిదండ్రులు చూసుకోవడం మంచిది.

ప్రణాళికను కొలవడానికి లండన్ టవర్ అనే పరీక్ష ఉంది. 1982లో షాలిస్ దీనిని ప్రచురించాడు. కర్రలకు గుచ్చిన రంగు పూసలను తక్కువ కదలికలలో చూపిన అమరికకు తేవాలి. ఎన్ని కదలికలు పట్టాయన్నది ఎంత ముఖ్యమో, మొదటి పూస తీసే ముందు పిల్లవాడు ఆగి చూశాడా లేదా అన్నది అంతే ముఖ్యం. ప్రశాంతమైన గదిలో, ఒక్కరి ఎదుట ఈ పరీక్ష బాగా చేసి, ఇంట్లో చిందరవందరగా ఉండే పిల్లలు ఉన్నారు. అందుచేత తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు వేరువేరుగా నింపే ప్రశ్నావళి కూడా అవసరం.

'''ఒక ఉదాహరణ'''

వివరణ కొరకు గణపవరం దగ్గరి ఒక గ్రామంలో 7వ తరగతి చదివే బాలుని ఊహించుకుందాము. తండ్రి కొల్లేటి వైపు చేపల చెరువుల మీద పని చేస్తాడు. కిరాణా కొట్టులో నాలుగు వస్తువులు తెమ్మంటే రెండు తెస్తాడు. ఇంటిపని చేస్తాడు గాని బడిలో ఇవ్వడు, అది సంచి అడుగున దొరుకుతుంది. కన్ను, చెవి బాగున్నాయి, చదవడం వయసుకు తగ్గట్టే ఉంది. తెలుగులో అంకెలు ముందుకు 6, వెనుకకు 3 చెప్పాడు. టవర్ పరీక్షలో ఆగకుండా మొదలుపెట్టి మధ్యలో చిక్కుకున్నాడు. పదాల అర్థాలు మాత్రం బాగా చెప్పాడు. మరొక ముఖ్యమైన ఆధారం లెక్కల పుస్తకంలో దొరికింది: వ్రాసి ఇచ్చిన భాగహారాలు సరిగా ఉన్నాయి, మాటలతో చెప్పినవి సగంలో ఆగిపోయాయి. పద్ధతి తెలుసు, పట్టి ఉంచలేకపోతున్నాడు.

సహాయం మొదలుపెట్టే ముందు రెండు వారాలు లెక్క వ్రాశారు. ఇవ్వవలసిన 10 ఇంటిపనులలో 4 మాత్రమే ఉపాధ్యాయునికి చేరాయి. ఈ సంఖ్య లేకపోతే తరువాత మార్పు వచ్చిందో లేదో ఎవరి అభిప్రాయం వారిది.

ఇంట్లో చేసిన మార్పు చిన్నది. ఒకసారి ఒకటి లేదా రెండు సూచనలే చెప్పి, "ఏం తెస్తావు, చెప్పు నాన్నా" అని తిరిగి చెప్పించారు. తలుపు పక్కన అతడే వ్రాసిన నాలుగు గీతల కాగితం అంటించారు: డైరీ, ఇంటిపని, నీళ్ల సీసా, పెన్ను. రాత్రి సంచి సర్దేది బాలుడే, తల్లి పక్కన నిలబడి కాగితం వైపు వేలు చూపుతుంది. తల్లే సర్దితే ఉదయం సాఫీగా గడుస్తుంది గాని బాలునికి ఏమీ అలవడదు. ఇటువంటి ప్రయత్నాలు ఎక్కువగా చెడేది ఇక్కడే.

బడిలో లెక్క మెట్లను బోర్డుపై చెరపకుండా ఉంచారు, ఎక్కాల పట్టిక దగ్గర ఉంచుకోనిచ్చారు. చివరి పీరియడులో ఒక ఉపాధ్యాయురాలు డైరీ చూసి సంతకం చేసేవారు. లెక్కల కష్టం తగ్గించలేదు, సంఖ్య మాత్రం పదికి బదులు ఆరు చేశారు.

ప్రణాళిక నేర్పడానికి కొల్లేరు పక్షులపై సాంఘికశాస్త్రం ప్రాజెక్టు పనికివచ్చింది. పది రోజుల గడువు. క్యాలెండరుపై చివరి రోజు నుండి వెనుకకు నడిచారు: 10వ రోజు ఇవ్వడం, 9వ రోజు ఖాళీ, 8న అట్టపై అంటించడం, 6, 7 తేదీలలో శుద్ధప్రతి, 4, 5న చిత్తుప్రతి, 2, 3న బొమ్మలు, వివరాల సేకరణ, మొదటి రోజు ఏ పక్షులో నిర్ణయించడం. ఖాళీ రోజు పెట్టకపోతే ఒక్క రోజు ఆలస్యం పథకమంతటినీ కూల్చుతుంది. బొమ్మల పనికి రెండు రోజులు అనుకుంటే మూడు పట్టాయి, ఖాళీ రోజు ఆదుకుంది. తరువాతి ప్రాజెక్టుకు ఎన్ని రోజులు పడతాయో ముందు బాలుడే అంచనా వేసి, అసలు పట్టిన రోజులను పక్కన వ్రాసుకున్నాడు.

ఆరు వారాలకు 10లో 8 ఇంటిపనులు చేరసాగాయి. తెలుగు వ్యాసం మాత్రం అర పేజీ దాటలేదు. వెనుకకు అంకెలు మళ్ళీ 3 వద్దనే ఉన్నాయి. ఇందులో వింత లేదు, ఈ సహాయాలు జ్ఞాపకాన్ని పెంచవు, దానిపై భారాన్ని కాగితం మీదికి మారుస్తాయి.

'''పరిమితులు'''

కంప్యూటరు ఆటలతో క్రియాశీల జ్ఞాపకాన్ని పెంచే శిక్షణలు ఉన్నాయి. 2013లో మెల్బీ-లెర్వాగ్, హ్యూమ్ పలు అధ్యయనాలను కలిపి పరిశీలించగా, ఆ ఆటలో ప్రావీణ్యం పెరిగినా చదువు, లెక్కలకు అది బదిలీ కాలేదని తేలింది. జ్ఞాపకశక్తి లేహ్యాలపై డబ్బు పెట్టేకంటె ఒక గోడ క్యాలెండరు కొనడం మేలు.

గుర్తుచేసే సహాయాన్ని ఒక్కసారిగా మానితే పాత స్థితి వస్తుంది. ముందు వేలు చూపడం మాని, తరువాత సంతకం వారానికి రెండుసార్లు చేసి, ఒక్కొక్కటిగా తగ్గించాలి. కాగితం నెలల తరబడి అలాగే ఉంటే గోడలో కలిసిపోతుంది, మధ్యమధ్య తిరగ వ్రాయించాలి.

ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం కూడా ఇటువంటి లక్షణాలే చూపుతాయి. ఆ నిర్ధారణకు లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై, ఇల్లు, బడి వంటి రెండు చోట్ల అయినా కనిపించాలి. నిర్ధారణ చేయవలసింది వైద్యుడు లేక క్లినికల్ సైకాలజిస్టు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద బడులకు వచ్చే వైద్య బృందం ద్వారా జిల్లా స్థాయి కేంద్రానికి పంపించుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది గాని, క్రియాశీల జ్ఞాపకం బలహీనత మాత్రమే ఉంటే ఆ ధ్రువపత్రం రాదు. బోర్డుపై మెట్లు చెరపకుండా ఉంచడానికి మాత్రం ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు.