మిల్లర్ దొరగారి దగ్గర చదువుకున్న రఘుపతి వెంకటరత్నం నాయుడు

సంఘ సంస్కర్తల మాట వచ్చినప్పుడు వాళ్లు చేసిన పనులు చెప్పుకుంటాం గానీ, వాళ్లను ఎవరు చదివించారో అడగం. ఈసారి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి చదువు సంగతి చూద్దాం.

ఆయన 1862లో మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో సుబేదారు. పటాలం ఎక్కడికి పోతే కుటుంబం అక్కడికి. అందుకే మొదటి చదువు ఇప్పటి మహారాష్ట్రలోని చాందాలో సాగింది. తెలుగింటి పిల్లవాడికి హిందీ, ఉర్దూ, పారసీ అక్కడే పట్టుబడ్డాయి. తండ్రికి బదిలీ అయ్యాక హైదరాబాదులో హైస్కూలు చదివారు.

అక్కడి నుంచి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు. ఆయన జీవితానికి అదే మలుపు. ప్రిన్సిపాలు విలియం మిల్లర్, స్కాట్లాండు మిషనరీ. నాయుడు గారు పుట్టిన 1862లోనే ఆయన మద్రాసులో దిగారు. ఆ కాలేజీలో హిందువుల పిల్లలు కూడా బైబిలు పాఠానికి కూర్చోవలసిందే. అయినా మిల్లర్ గారు బాప్తిస్మాల లెక్క చూసుకోలేదు. క్రీస్తు బోధ పులిపిండిలా మెల్లగా దేశమంతటి ఆలోచనలో కలిసిపోవాలి, కాలేజీ పని అదే అన్నది ఆయన పట్టు. సాటి మిషనరీలే ఆయన్ని తప్పుపట్టారు. ఇన్ని డబ్బులు పోసి ఎంతమందిని సంఘంలో చేర్చావయ్యా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్న మన సంఘంలోనూ లేస్తుందని మనకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం కూడా.

నాయుడు గారి విషయంలో ఏం జరిగింది? ఆయన బాప్తిస్మం తీసుకోలేదు, బ్రహ్మసమాజంలో చేరారు. కానీ గురువు మాట చివరిదాకా భక్తిగా తలుచుకున్నారు. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, రాబర్ట్ నోబుల్ దొర మచిలీపట్నంలో పెట్టిన కాలేజీలోనే పాఠాలు చెప్పారు. వేశ్యల ఆట పాటలు పెట్టించే పెద్దింటి వేడుకలను బాహాటంగా ఎదిరించారు. ఆ రోజుల్లో పెళ్లికి మేళం లేకపోతే పరువు తక్కువ అనుకునేవారు, కాబట్టి ఆ ఎదిరింపు చిన్నది కాదు.

తర్వాత మనకు దగ్గరలోని సికింద్రాబాదులో మహబూబ్ కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్నారు. 1904లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు వెళ్లి, అక్కడ ఆడపిల్లలను చేర్చుకున్నారు, అంటరానివారని ఊరు దూరం పెట్టిన పిల్లలకు వసతి కల్పించి చదివించారు. మిల్లర్ గారి దగ్గర బైబిలు విన్నవాళ్లలో ఎంతమంది ఇలా చేశారో లెక్క కట్టడం కష్టం. ఈ ఒక్కరి సంగతి మాత్రం స్పష్టంగానే ఉంది.

మిల్లర్ గారు ఒకప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1925లో అదే పదవిలో శిష్యుడు కూర్చున్నారు.