అరకు కాఫీ తోటల మధ్య రెండు రాత్రులు: ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, తోటలో ఏం చూడొచ్చు?

డిసెంబరు వచ్చిందంటే అరకు రైలు టికెట్ల కోసం వెతుకులాట మొదలవుతుంది. ఈసారి ఊరికే చలిలో తిరిగి రావడం కాకుండా కాఫీ తోటలో ఉండి, పండు కోత కూడా చూడాలనుకుంటున్నారా? అలాగైతే గది బుక్ చేసుకునే ముందే ఒక విషయం తెలుసుకోండి. కూర్గ్‌లోనో చిక్కమగళూరులోనో ఉండే పెద్ద ఎస్టేట్లు, వాటి మధ్యలో పాత బంగళాలు అరకులో ఉండవు. తేయాకు తోటల కోసం కూడా ఇక్కడికి రావద్దు, ఈ కొండల పంట కాఫీ.

ఎస్టేట్లు లేకపోవడానికి కారణం చట్టమే. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ మన్యం షెడ్యూల్డ్ ప్రాంతం. అందరూ 1/70 అని పిలిచే భూ బదలాయింపు నిబంధన ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. అందుకే కాఫీలో ఎక్కువ భాగం ఎకరం, రెండెకరాల గిరిజన రైతుల చేతిలో ఉంది. పోడు వ్యవసాయానికి బదులుగా పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు దశాబ్దాలుగా వారితో ఈ మొక్కలు వేయించాయి. అటవీ అభివృద్ధి సంస్థకు కూడా అనంతగిరి, మినుములూరు వైపు సొంత తోటలున్నాయి. ఘాట్ రోడ్డు పక్కన పర్యాటకులు ఆగి ఫొటోలు దిగేది ఎక్కువగా ఇలాంటి ప్రభుత్వ తోటల్లోనే.

కాబట్టి ఇక్కడ ‘ప్లాంటేషన్ స్టే’ అంటే రెండు రకాలు. మొదటిది, అరకులోనో అనంతగిరిలోనో పర్యాటక శాఖ హరిత రిసార్ట్‌లోనో హోటల్లోనో దిగి, పగలు తోటకు వెళ్లి రావడం. రెండోది, తోట ఉన్న గిరిజన కుటుంబం ఇంట్లో హోమ్‌స్టే. రెండోది ఎంచుకుంటే ఫోన్‌లోనే మూడు సంగతులు అడగండి. ఇల్లు ఎవరిది, పర్యాటక శాఖలో నమోదు అయిందా, తోట ఇంటి నుంచి ఎంత దూరం? ‘కాఫీ ఎస్టేట్ వ్యూ’ అని పేరు పెట్టుకున్న బసకు చుట్టుపక్కల ఒక్క కాఫీ మొక్క కూడా లేకపోవచ్చు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుతో ఆ సంగతి తేలిపోతుంది.

ఏ నెలలో వెళ్లాలి?

అరకులో పండించేది అరబికా రకం. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడిన వారం, పది రోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది. మల్లెను తలపించే వాసన వస్తుంది. కానీ ఆ పూత నిలిచేది కొద్ది రోజులే, ముందుగా తేదీ చెప్పడం రైతు వల్ల కూడా కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా కనిపించేవి పచ్చి కాయలే. నవంబరులో పండ్లు ఎరుపు తిరగడం మొదలై, కోత జనవరి చివరి దాకా సాగుతుంది. కింది ఎత్తులోని తోటలు ముందు పండుతాయి, పైవి ఆలస్యంగా పండుతాయి.

నవంబరులో వెళితే వలిసె పూల పసుపు పొలాలు చూడొచ్చు గానీ, తోటలో ఎర్రటి పండ్లు అక్కడక్కడే ఉంటాయి. సంక్రాంతి దాటాక వెళితే చాలా చోట్ల చివరి ఏరుడు మాత్రమే మిగిలి ఉంటుంది. కోత చూడటమే మీ ఉద్దేశమైతే డిసెంబరు మొదటి మూడు వారాలు, అందులోనూ సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఘాట్ రోడ్డు మీద కార్ల బారులు తప్ప ఇంకేం చూడలేరు.

రైలా, బస్సా?

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పగటి రైలు ఉదయం ఏడు గంటలకు కాస్త ముందు బయల్దేరి, పదకొండు గంటల ప్రాంతంలో అరకు చేరుతుంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన మార్గమిది. సొరంగాలు, వంతెనలు దాటుకుంటూ ఎక్కుతుంది. పెద్ద అద్దాల విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది. కోత కాలంలో దాని సీట్లు రిజర్వేషన్ తెరిచిన కొద్ది రోజులకే అయిపోతాయి. టికెట్ తీసుకునేటప్పుడు స్టేషన్ కోడ్‌లు VSKP, ARK అని చూసుకోండి. ఇదే మార్గంలో ఇంకో రాత్రి రైలు కూడా ఉంది గానీ, అది అరకులో దింపేది అర్ధరాత్రి చలిలో. భారీ వానలకు కొండచరియలు విరిగిపడితే పగటి రైలును కూడా దారిలోనే ఆపేస్తారు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో రైలు మీదే ఆధారపడొద్దు.

రోడ్డు దారి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట మీదుగా అరకు వస్తుంది. విశాఖ ద్వారకా బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సో కారో పెట్టుకుంటే రెండు దారులూ చూసినట్టవుతుంది. పైగా రోడ్డు పక్క తోటలు దిగేటప్పుడే తీరిగ్గా చూడొచ్చు.

అసలు చిక్కు అరకు చేరాకే. ఫోన్‌లో క్యాబ్ పిలిపించుకుని పల్లెకు వెళ్లే చోటు కాదిది. తోటలున్న ఊళ్లకు షేర్ ఆటోలు, జీపులే దిక్కు. అవి సంత రోజున కిక్కిరిసి తిరుగుతాయి, మిగతా రోజుల్లో మధ్యాహ్నం దాటితే పల్చబడతాయి. కాబట్టి ఆటోను పూటకు మాట్లాడుకోండి. తోట దగ్గర ఎంతసేపు ఆగాలో, తిరుగు ప్రయాణం కూడా కలిపేనా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. పల్లెల్లో సిగ్నల్ పోతే ఫోన్ చెల్లింపు జరగదు, నగదు దగ్గర ఉంచుకోండి. పొగమంచు వల్ల చీకటి పడ్డాక ఘాట్ దిగొద్దు.

తోటలో ఏం చూడాలి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. డిసెంబరు రెండో వారంలో ఇద్దరు మంగళవారం రైల్లో వెళ్లి, రెండు రాత్రులుండి, గురువారం దిగుతారనుకోండి. మొదటి రోజు మధ్యాహ్నం అరకులోని కాఫీ మ్యూజియం, గిరిజన మ్యూజియం చూడటానికి సరిపోతుంది. అసలు రోజు బుధవారం. ఆ రోజు తోటకు వస్తామని బస ఇచ్చినవారి ద్వారా రైతుకు ముందే చెప్పించాలి. కోత రోజుల్లో మీతో గడిపిన ప్రతి గంటా ఆయన పండ్లు ఏరుకోవాల్సిన సమయమే. ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి, ఆ డబ్బు నేరుగా ఆ కుటుంబానికే ఇవ్వండి.

పొద్దున తొమ్మిదికి మంచు తేలిపోయాక కోత మొదలవుతుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల పాదులు, కింద నీడలో కాఫీ మొక్కలు. ఒకే కొమ్మ మీద పచ్చి, పసుపు, ఎరుపు కాయలు కలిసి ఉంటాయి. అందుకే ఒకే మొక్క దగ్గరికి విడతల వారీగా మూడు నాలుగు సార్లు రావాలి. పండిందో లేదో తెలుసుకోవాలంటే రెండు వేళ్లతో నొక్కండి. పండిన దాంట్లోంచి జారుడుగా ఉన్న గింజలు బయటికొస్తాయి, పచ్చిది కదలదు. కొమ్మను గుప్పిట పట్టి దూయకూడదు. వచ్చే ఏటి పూత రావాల్సిన కణుపులు దెబ్బతింటాయి. మీ చేత రెండు కాయలు కోయించినా ఈ మాట రైతు తప్పక చెబుతారు.

చాలామంది పర్యాటకులు ఇక్కడితో వెనుదిరుగుతారు, నిజానికి సాయంత్రం దాకా ఉండాలి. ఆ రోజు కోసిన పండును ఆ రోజే పల్పింగ్ యంత్రంలో వేసి తొక్క తీయాలి. రాత్రంతా గోనెలో మగ్గితే పులిసిన వాసన గింజకు పడుతుంది, ధర పడిపోతుంది. తొక్క తీశాక జిగురు పోయేలా ఊరబెట్టి, కడిగి, ఎండబెడితే వచ్చేది పార్చ్‌మెంట్. పండును తొక్కతోనే ఎండబెడితే చెర్రీ. చెర్రీకి పని తక్కువ, ధరా తక్కువే. ఎండబెట్టే చోట గింజలు నేల మీద ఉన్నాయా, పరదా మీదా, ఎత్తయిన బల్లల మీదా అన్నది గమనించండి. నాణ్యత చాలావరకు అక్కడే తేలుతుంది. సుమారు ఐదారు కిలోల పండ్లకు కిలో శుభ్రమైన కాఫీ గింజలు వస్తాయి. ఆ గింజలను గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ కొంటుంది. రైతు సహకార సంఘాలు, ప్రైవేటు వ్యాపారులూ కొంటారు.

గురువారం దిగేటప్పుడు సుంకరమెట్ట దగ్గరి తోటలో చెక్క వంతెన మీద నడవొచ్చు, గాలికొండ దగ్గర ఆగొచ్చు. బొర్రా గుహలు కూడా కలుపుకోవాలంటే అరకు నుంచి ఉదయాన్నే బయల్దేరండి.

జేబులో కాయలు వేసుకోవద్దు

2025లో అరకు మండలంలో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. రెండు మిల్లీమీటర్లకు మించని నల్లటి పెంకు పురుగు ఇది. కాయ మొనలో సూదిమొన అంత రంధ్రం చేసి లోపలికి వెళ్లి గింజను తింటుంది. దేశంలో మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరులో కనిపించి, తర్వాత పడమటి కనుమల కాఫీ జిల్లాలకు పాకింది. దూరప్రాంతాలకు ఎక్కువగా పురుగు పట్టిన గింజలు, గోనె సంచుల ద్వారానే చేరుతుంది. ఎకరం తోట మీద బతికే కుటుంబానికి ఒక సీజన్ పంట పోవడమంటే ఆ ఏటి నగదు మొత్తం పోవడమే.

అందుకే గుర్తుగా దాచుకుందామని పండ్లు కోసుకుపోవద్దు. కూర్గ్, వయనాడ్ నుంచి నేరుగా వస్తుంటే అక్కడి పచ్చి గింజలు, సంచులు వెంట తేవద్దు. ఒకే రోజు రెండు తోటలకు వెళ్లాల్సి వస్తే మధ్యలో బ్యాగులు, బట్టలు, చెప్పులు దులుపుకోండి. తోటలోకి రానివ్వలేమని రైతు అంటే పట్టుబట్టకండి. ఆ గ్రామంలో తెగులు నివారణ పనులు జరుగుతుండొచ్చు.

కాఫీ కొనేటప్పుడు

రోడ్డు పక్క దుకాణంలో ‘అరకు కాఫీ’ అని రాసిన పొడి అంతా ఒకటి కాదు. చికోరి కలిపితే ఎంత శాతమో ప్యాకెట్ మీద ముద్రించాలి, కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. శాతం రాయని విడి పొడి కొనకండి. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ దుకాణాల్లో దొరికే ప్యాకెట్లలోనూ చికోరి కలిపిన రకం, కలపని రకం వేర్వేరుగా ఉంటాయి, అడిగి తీసుకోండి. మీరు చూసిన తోట రైతు దగ్గర పార్చ్‌మెంట్ కొందామనిపించొచ్చు గానీ, పై పొర తీసి వేయించే ఏర్పాటు ఇంటి దగ్గర లేకపోతే అది మీకు పనికిరాదు. రైతు కుటుంబమే వేయించి పొడి కొడుతుంటే మాత్రం వారి దగ్గరే తీసుకోండి.