ఒక్క ప్రోటాన్ తేడా

వెనిగర్‌లో చిటికెడు వంటసోడా వేస్తే బుసబుసమని నురగ లేస్తుంది. ఇథనాల్‌లో వేస్తే సోడా అడుగుకు దిగి ఊరుకుంటుంది. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం CH3COOH, ఇథనాల్ CH3CH2OH. రెండింటిలోనూ చివర ఒక ఆక్సిజన్, దాన్ని అంటిపెట్టుకుని ఒక హైడ్రోజన్ ఉన్నాయి. అయినా నీళ్లలో ఆ హైడ్రోజన్‌ను వదులుకోవడంలో ఎసిటిక్ ఆమ్లం ఇథనాల్ కంటే దాదాపు పదివేల కోట్ల రెట్లు ముందుంటుంది. ఇంత తేడా ఎందుకన్న ప్రశ్న వేయడానికే రసాయన శాస్త్రానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆమ్లం అంటే ఏమిటో ముందు తేలాలి కదా!

ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని 18వ శతాబ్దం చివర్లో లవోసియే నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదని 1810లో హంఫ్రీ డేవీ చూపించడంతో ఆ మాట నిలవలేదు. లోహం వచ్చి తొలగించగల హైడ్రోజన్ ఉన్నదే ఆమ్లమని 1838లో లీబిగ్ అన్నాడు. ఇది సత్యానికి చాలా దగ్గర. కానీ ఇథనాల్‌లో సోడియం ముక్క వేసినా హైడ్రోజన్ వాయువు వస్తుంది. అంటే ఈ నిర్వచనం ప్రకారం సారాయీ ఆమ్లమే, వెనిగరూ ఆమ్లమే. ఏది ఎంత బలమైనదో చెప్పే కొలబద్ద అందులో లేదు.

ఆ కొలబద్దకు దారి వేసినవాడు స్వీడన్‌కు చెందిన అర్హీనియస్. 1884లో ఉప్సలా విశ్వవిద్యాలయానికి అతడు సమర్పించిన సిద్ధాంత వ్యాసానికి పరీక్షకులు తక్కువ శ్రేణే ఇచ్చారు. దాని నుంచి ఎదిగిన అయాన్ల సిద్ధాంతానికే 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. నీళ్లలో H+ ఇచ్చేది ఆమ్లం, OH- ఇచ్చేది క్షారం అన్నది అందులోంచి వచ్చిన నిర్వచనమే. ఆ ఆసరాతో ఓస్ట్వాల్డ్ ఎన్నో కర్బన ఆమ్లాల బలాన్ని విద్యుద్వాహకత ద్వారా కొలిచి అంకెలు కట్టాడు. అయితే అమోనియా దగ్గర చిక్కు వచ్చింది. NH3లో OH లేనే లేదు, అయినా అది క్షారంలాగే ప్రవర్తిస్తుంది.

1923లో కోపెన్‌హేగన్‌లో బ్రాన్‌స్టెడ్, కేంబ్రిడ్జిలో లౌరీ విడివిడిగా ఈ చిక్కు విప్పారు. ప్రోటాన్ ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం అన్నారు. అమోనియాకు OHతో పని లేదు, ప్రోటాన్‌ను పట్టుకుంటే చాలు. నా దృష్టిలో అసలు మలుపు దీని తరువాతిది. ఆమ్లం ప్రోటాన్ ఇచ్చేశాక మిగిలేది మళ్లీ ప్రోటాన్‌ను పుచ్చుకోగలదు, కాబట్టి అదీ ఒక క్షారమే. ఒక ప్రోటాన్ తేడాతో ఉన్న ఆ రెండింటినే కాంజుగేట్ జంట అంటున్నాం. ఆమ్లం ఒంటరిగా ఉండే వస్తువు కాదని అప్పటి నుంచి తేలిపోయింది.

వెనిగర్, సోడా ఉదాహరణనే తీసుకుందాం.

CH3COOH + HCO3- ⇌ CH3COO- + H2CO3

జంటలు పట్టడానికి బాణానికి అటూ ఇటూ చూసి, ఒకే ఒక్క H, దానితో పాటు ఒక ధనావేశం మాత్రమే తేడాగా ఉన్నవాటిని కలపాలి. CH3COOH ఆమ్లం, CH3COO- దాని కాంజుగేట్ క్షారం. HCO3- క్షారం, H2CO3 దాని కాంజుగేట్ ఆమ్లం. పరీక్షల్లో తప్పు దొర్లేది సాధారణంగా రెండు చోట్ల. H2CO3, CO3²- లను జంట అనేస్తారు. వాటి మధ్య తేడా రెండు ప్రోటాన్లు, కనుక జంట కాదు. ఇక రెండోది, ఎసిటిక్ ఆమ్లంలో నాలుగు హైడ్రోజన్లున్నాయని కార్బన్ మీది దాన్ని తీసేస్తారు. ఊడేది ఆక్సిజన్ మీదిదే. బైకార్బనేట్ రెండు జంటల్లో సభ్యురాలన్నదీ గుర్తుంచుకోవాలి. ప్రోటాన్ పుచ్చుకుంటే H2CO3, ఇచ్చేస్తే CO3²-.

ఈ సమీకరణం ఎటు మొగ్గుతుందో pKa చెబుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే ఆమ్లం అంత బలమైనది, ఒక్కో అంకె తేడాకు పది రెట్లు. ఎసిటిక్ ఆమ్లం 4.76, కార్బానిక్ ఆమ్లం 6.35. తేడా 1.6, అంటే కుడివైపుకు దాదాపు 40 రెట్ల మొగ్గు. పైగా H2CO3 విడిపోయి CO2గా లేచిపోతుంటుంది కాబట్టి చర్య ఆగదు. ఇథనాల్ pKa సుమారు 16. అక్కడ మొగ్గు ఎడమవైపుకు, అదీ వందల కోట్ల రెట్లు. అందుకే నురగ లేదు.

ఇక అసలు ప్రశ్న. ఏ ఆమ్లం బలమైనా అది విడిచిపెట్టిన క్షారం ఎంత నిశ్చింతగా ఉండగలదన్న దానిలోనే ఉంది. ఇథనాల్ ప్రోటాన్ వదిలితే మిగిలే ఇథాక్సైడ్‌లో రుణావేశమంతా ఒక్క ఆక్సిజన్ మీద పడుతుంది. అది దొరికిన ప్రోటాన్‌ను వెంటనే లాక్కుంటుంది. ఎసిటేట్‌లో ఆవేశాన్ని రెండు ఆక్సిజన్లు సమంగా పంచుకుంటాయి. ఇది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. ఇలాంటిదే అయిన ఫార్మిక్ ఆమ్లంలో ఒక C–O బంధం 1.20 ఆంగ్‌స్ట్రామ్‌లు, మరొకటి 1.34. ప్రోటాన్ పోయిన ఫార్మేట్‌లో రెండూ దాదాపు 1.27. ఏది జంట బంధమో, ఏది ఏక బంధమో చెప్పలేం. దీన్నే రెజొనెన్స్ అంటారు. 1930లలో పౌలింగ్ దీన్ని రసాయన భాషలో స్థిరపరిచాక పాఠ్యపుస్తకాలన్నీ ఈ జవాబుతోనే ముగించాయి.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1986లో సిగెల్, థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కర్బన ఆమ్లాలు ఆల్కహాళ్ల కంటే ఎందుకు బలమైనవన్న పాత ప్రశ్ననే శీర్షికగా పెట్టి ఒక పత్రం రాశారు. ఎక్స్-కిరణాలతో అణువుల లోపలి ఎలక్ట్రాన్లను వెలికి తీసి వాటి శక్తిని కొలిచి, తేడాలో ఎక్కువ భాగం ప్రోటాన్ పోకముందే ఉందన్నారు. C=O లోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుకోవడంతో పక్కనున్న కార్బన్ ధనావేశం వైపు మళ్లుతుంది. దాని ప్రభావంతో OH మీది హైడ్రోజన్ మొదటి నుంచే పోవడానికి సిద్ధంగా ఉంటుంది. పాఠ్యపుస్తకం చెప్పే రెజొనెన్స్‌ది చిన్న పాత్రేనన్నది వారి వాదన.

దీని మీద ఏళ్ల తరబడి వాదులాట నడిచింది. తరువాతి గణనలు ఈ గుంజుడు, రెజొనెన్స్ రెండూ కలిసే పనిచేస్తున్నాయన్నాయి గానీ, ఎవరి పద్ధతిని బట్టి వారికి వాటాలు మారాయి. ఏ వాటాకు ఎంత అన్నది నేరుగా కొలిచే సాధనం లేదు మరి. గుంజుడుకు మాత్రం విడిగా ఒక సాక్ష్యం దొరుకుతుంది. ఇథనాల్ చివరి మూడు హైడ్రోజన్ల స్థానంలో ఫ్లోరిన్‌లు పెడితే pKa 16 నుంచి 12.4కు దిగుతుంది. అక్కడ ఆవేశాన్ని పంచుకునే రెండో ఆక్సిజన్ లేదు, ఉన్నది గుంజుడే. రెండో వైపు ఫినాల్‌ను చూడండి. అక్కడ ఆవేశం బెంజీన్ వలయంలోకి పరుచుకుంటుంది, pKa 10కి వస్తుంది. అయినా కార్బానిక్ ఆమ్లం కంటే బలహీనమే కనుక వంటసోడాతో పొంగదు.

అందుకే ప్రయోగశాలలో నురగ వస్తే COOH ఉన్నట్టే, రాకపోతే ఆల్కహాలో ఫినాలో అయినట్టే అని అప్పజెప్పే పాఠాన్ని కాస్త జాగ్రత్తగా వాడాలి. పిక్రిక్ ఆమ్లంలో COOH లేదు. అది ఫినాలే, కాకపోతే వలయం మీద మూడు నైట్రో సమూహాలున్నాయి. అవి ఎలక్ట్రాన్లను గుంజుతాయి, ఆవేశాన్నీ పంచుకుంటాయి. దాని pKa సుమారు 0.4. వంటసోడా ద్రావణంలో పడితే ఎసిటిక్ ఆమ్లంలాగే బుసబుసమంటుంది.