మార్చిన పాస్‌వర్డ్ చెల్లలేదు: సెషన్ హామీల పుట్టుపూర్వోత్తరాలు

పాస్‌వర్డ్ మార్చుకున్నారు. వెంటనే కొత్తదానితో లోపలికి వెళ్లబోతే ‘పాస్‌వర్డ్ తప్పు’ అని వచ్చింది. మీరు పొరబడలేదు, కంప్యూటర్ కూడా చెడిపోలేదు. మీ మార్పు ఒక సర్వర్‌లో నమోదైంది, లాగిన్ మాత్రం ఆ కబురు ఇంకా అందని మరో సర్వర్‌ను అడిగింది. 1994లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక సదస్సుకు సమర్పించిన పరిశోధన పత్రంలో ఉన్న ఉదాహరణ ఇది. ‘రీడ్ యువర్ రైట్స్’, ‘మోనోటోనిక్ రీడ్స్’ అని నేడు డేటాబేస్ వాళ్లు వాడే మాటలు ఆ పత్రంతోనే స్థిరపడ్డాయి. రాసినవారు ఆరుగురు: డగ్లస్ టెర్రీ, ఆలన్ డెమర్స్, కారిన్ పీటర్సన్, మైక్ స్ప్రైట్జర్, మార్విన్ థైమర్, బ్రెంట్ వెల్చ్. అది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనా కేంద్రంలో చేసిన పని.

పార్క్‌లో మొదలైన చిక్కు

ఒకే సమాచారాన్ని చాలా సర్వర్లలో ఉంచే పని పార్క్‌కు కొత్త కాదు. 1980ల మొదట్లోనే అక్కడ గ్రేప్‌వైన్ అనే ఈమెయిల్ వ్యవస్థ నడిచింది. వినియోగదారుల పేర్లు, పాస్‌వర్డులు ఉండే పట్టికను పలు సర్వర్లలో నకళ్లుగా ఉంచేవారు. ఒక నకలులో చేసిన మార్పు మిగతావాటికి సందేశాల రూపంలో చేరేది. తర్వాత వచ్చిన క్లియరింగ్‌హౌస్ అనే వ్యవస్థ కోసం మార్పులను వ్యాపింపజేసే పద్ధతుల గురించి 1987లో మరో పత్రం వెలువడింది. ఊళ్లో పుకారు పాకినట్టు, అంటువ్యాధి వ్యాపించినట్టు ఒక సర్వర్ నుంచి మరోదానికి మార్పులు చేరితే చాలు, చివరికి అన్నీ ఒకటవుతాయని అందులో చూపించారు. డెమర్స్, టెర్రీ ఇద్దరూ ఆ పత్ర రచయితల్లోనూ ఉన్నారు.

‘చివరికి అన్నీ ఒకటవుతాయి’ అన్నదే ఎవెంచువల్ కన్సిస్టెన్సీ. ఎప్పటికల్లా అన్నది అది చెప్పదు. ఈలోగా ఏ సర్వర్‌ను అడిగితే ఆ సర్వర్ తనకు తెలిసింది చెబుతుంది.

1990ల మొదట్లో అదే పార్క్‌లో బేయూ అనే ప్రాజెక్టు మొదలైంది. చేతిలో పట్టుకు తిరిగే కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నెట్‌వర్క్ ఎప్పుడు అందుతుందో, ఎప్పుడు తెగుతుందో తెలియదు. అందుకే ఏ సర్వర్ అందుబాటులో ఉంటే దానిలోనే చదవడం, రాయడం, రెండు సర్వర్లు కలిసినప్పుడు తమ మార్పులు పంచుకోవడం అనే పద్ధతి పెట్టుకున్నారు. అలా చేస్తే పని ఆగదు. కానీ మనిషి ఒక సర్వర్ నుంచి మరోదానికి మారిన ప్రతిసారీ అతని ముందున్న లోకం కొంచెం ముందుకో, వెనక్కో జరుగుతుంది. ఇంతకుముందు చెరిపేసిన ఉత్తరం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. క్యాలెండర్‌లో చూసిన సమావేశం తెర తాజా అయ్యేసరికి మాయమై, కాసేపటికి తిరిగొస్తుంది.

ప్రశ్నను తిప్పి అడిగారు

అప్పటిదాకా అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: నకళ్లన్నీ ఒకేలా ఉన్నాయా? లేవు. ఉండాలంటే ప్రతి మార్పుకూ అన్ని సర్వర్లూ ఒప్పుకునేదాకా ఆగాలి, నెట్‌వర్క్ తెగితే పని నిలిచిపోతుంది. టెర్రీ బృందం ఆ ప్రశ్నను పక్కన పెట్టి మరోటి అడిగింది: ఈ ఒక్క మనిషికి, అతని వరుస పనుల మధ్య, తాను చూసినదానికీ చేసినదానికీ పొంతన కుదురుతోందా? ఆ వరుస పనుల గుంపుకే సెషన్ అని పేరు పెట్టారు. నకళ్లు ఎంత తేడాగా ఉన్నా ఫర్వాలేదు, ఆ తేడా ఈ మనిషి కంట పడకుండా చూస్తే చాలు.

అలా నాలుగు హామీలు పుట్టాయి. నేను రాసింది నా తర్వాతి చదువులో కనబడాలి అన్నది రీడ్ యువర్ రైట్స్. ఒకసారి చూసిన స్థితికన్నా వెనకటిది తర్వాత కనబడకూడదు అన్నది మోనోటోనిక్ రీడ్స్. మిగతా రెండూ రాతల వరుసకు సంబంధించినవి. నేను రాసినవి రాసిన వరుసలోనే అన్ని సర్వర్లలోనూ అమలు కావాలి, నేను చదివినదాన్ని బట్టి రాసింది దాని తర్వాతే రావాలి. చర్చలో ప్రశ్నకన్నా ముందు జవాబు కనబడకుండా ఆపేది ఈ చివరిదే.

మొదటి రెండూ ఒకటేనని పొరబడేవారు చాలామంది. కానీ ఒకటి ఉన్నంతమాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. నేను ఒక సర్వర్‌లో రాసి, కబురు అందని మరో సర్వర్‌లోనే వరుసగా చదువుతూ ఉంటే నా చూపు ఎప్పుడూ వెనక్కి పోదు. మోనోటోనిక్ రీడ్స్ చెక్కుచెదరదు, నా రాత మాత్రం నాకు కనబడదు. అలాగే నా రాతలన్నీ కనబడుతున్నా, ఇతరులు చేర్చిన సమావేశాలు వచ్చిపోతూ ఉండవచ్చు. అప్పుడు మొదటిది ఉంది, రెండోది లేదు.

లెక్క ఎలా నడుస్తుంది

ప్రతి సర్వర్ తాను స్వీకరించిన రాతలకు వరుస సంఖ్యలు ఇస్తుంది. ఏ సర్వర్ నుంచి ఎన్నో రాత వరకు తనకు చేరిందో కూడా ప్రతి సర్వర్ రాసి పెట్టుకుంటుంది. ఆ సంఖ్యల వరుసే వెర్షన్ వెక్టర్. సెషన్ తరఫున మనిషి వైపున ఉండే ప్రోగ్రామ్ అలాంటివే రెండు వరుసలు దాచుకుంటుంది. ఒకటి తాను రాసినవాటికి, మరోటి తాను చదివినవాటికి.

ఏ, బి, సి అని మూడు సర్వర్లు ఉన్నాయనుకుందాం. మీరు పాస్‌వర్డ్‌ను ‘ఏ’ సర్వర్‌లో మార్చారు. అది ‘ఏ’ స్వీకరించిన 41వ రాత. సెషన్ తన రాతల వరుసలో ‘ఏ నుంచి 41’ అని గుర్తుపెట్టుకుంది. లాగిన్ కోసం సి దగ్గరికి వెళితే దాని వరుస (40, 27, 15). అంటే ‘ఏ’ నుంచి 40, బి నుంచి 27, సి సొంతవి 15 రాతలు దాని దగ్గర ఉన్నాయి. 40 అన్నది 41 కన్నా తక్కువ, కాబట్టి సి పనికిరాదు. బి వరుస (41, 27, 12). సి సొంత రాతల్లో బి వెనకబడి ఉంది, అయినా మీకు కావలసిన 41 దాని దగ్గర ఉంది. బి పనికొస్తుంది. ఏ సర్వర్ ఎక్కువ తాజాగా ఉందన్న పట్టింపు ఇక్కడ లేదు, మీకు కావలసింది దాని దగ్గర ఉందా అన్నదే చూస్తారు.

బి దగ్గర క్యాలెండర్ చదివారు. ఇప్పుడు చదివినవాటి వరుస (41, 27, 12) అయింది. తర్వాత ‘ఏ’ దగ్గరికి వెళితే అది (43, 25, 12) అంది. ‘ఏ’ తన సొంత రాతల్లో ముందుంది గానీ బి నుంచి 25 వరకే తెలుసు. మీరు చూసిన సమావేశం బి స్వీకరించిన 26వ రాత అయితే ‘ఏ’ దగ్గర అది ఉండదు. మోనోటోనిక్ రీడ్స్ కావాలంటే ‘ఏ’ దగ్గర చదవకూడదు. ‘ఏ’, బి ఒకసారి మార్పులు పంచుకుని ‘ఏ’ వరుస (43, 27, 12) అయ్యాక చదవవచ్చు.

ఈ లెక్కలో కొంత అతిజాగ్రత్త ఉంది. బి నుంచి రావలసిన 26, 27 రాతలకు మీ క్యాలెండర్‌తో ఏ సంబంధమూ లేకపోయినా ‘ఏ’ సర్వర్‌ను వదిలేయాల్సిందే. ఏ రాత ఏ సమాచారానికి చెందిందో విడివిడిగా గుర్తుపెట్టుకుంటే ఆ జాబితా అంతూపొంతూ లేకుండా పెరుగుతుంది. అందుకే కాస్త ఎక్కువ నిరాకరించినా సరే, సర్వర్‌కు ఒక్క సంఖ్య చాలని సర్దుకున్నారు. పనికొచ్చే సర్వర్ ఒక్కటీ దొరకకపోతే సెషన్ ఆ సంగతి ప్రోగ్రామ్‌కు చెబుతుంది. ఆగాలా, పాతదైనా చూపించాలా అన్నది ప్రోగ్రామ్ ఇష్టం.

గడియారంతో సరిపెట్టుకున్నారు

పదేళ్లు దాటాక ఇదే చిక్కు భారీ వెబ్‌సైట్లకు ఎదురైంది. 2007లో అమెజాన్ ఇంజనీర్లు ప్రకటించిన డైనమో వ్యవస్థలో, అంతకుముందు చదువుకు అందరికన్నా త్వరగా బదులిచ్చిన యంత్రానికే రాత బాధ్యత అప్పగించేవారు. అలా చేస్తే రాసింది తిరిగి కనబడే అవకాశం పెరుగుతుంది. అది హామీ కాదు, అవకాశం మాత్రమే. అదే ఏడాది చివర్లో అమెజాన్ సాంకేతిక అధిపతి వెర్నర్ వోగెల్స్ ఎవెంచువల్ కన్సిస్టెన్సీ మీద రాసిన వ్యాసం పార్క్ నాటి ఈ పేర్లను సామాన్య ఇంజనీర్ల దాకా తీసుకెళ్లింది.

2008లో ఫేస్‌బుక్ చెప్పిన ఉపాయం మరింత మొరటుది. అసలు డేటాబేస్ కాలిఫోర్నియాలో, నకలు వర్జీనియాలో ఉండేవి. ఎవరైనా ఏదైనా రాస్తే వారి బ్రౌజర్ కుకీలో ఆ సమయం నమోదయ్యేది. తర్వాతి 20 సెకన్లు వారి అభ్యర్థనలన్నీ కాలిఫోర్నియాకే వెళ్లేవి. రాత సంఖ్య స్థానంలోకి గడియారం వచ్చిందన్నమాట. నకలు 20 సెకన్ల లోపు అందుకుంటే అంతా సవ్యమే. 21వ సెకను దాకా అందుకోకపోతే మార్చిన పేరు మళ్లీ పాతదైపోతుంది. సంఖ్యతో పోల్చుకునే పద్ధతికి ఈ లోపం లేదు, నకలు ఎంత వెనకబడినా దాని సంఖ్యే ఆ సంగతి చెప్పేస్తుంది.

ఆ సంఖ్యల పద్ధతే నేటి డేటాబేసుల్లో తిరిగి వచ్చింది. మైఎస్‌క్యూఎల్‌లో జీటీఐడీలు వాడుతుంటే ప్రతి రాతకూ పుట్టిన సర్వర్ గుర్తు, వరుస సంఖ్య ఉంటాయి. నకలులో చదవబోయే ముందు ఇలా అడగవచ్చు:

```sql
SELECT WAIT_FOR_EXECUTED_GTID_SET(
  '3E11FA47-71CA-11E1-9E33-C80AA9429562:1-41', 1);
```

ఆ సర్వర్ రాతల్లో 41 వరకు ఈ నకలుకు చేరేదాకా, గరిష్ఠంగా ఒక సెకను ఆగమని దీని అర్థం. 0 వస్తే నిశ్చింతగా చదవవచ్చు. 1 వస్తే గడువు ముగిసినా నకలు అందుకోలేదన్నమాట, అసలు సర్వర్‌కే వెళ్లాలి. మైక్రోసాఫ్ట్ కాస్మాస్ డీబీలో సెషన్ పద్ధతే సహజంగా అమల్లో ఉండే అమరిక. అక్కడ ఈ సంఖ్యలు సెషన్ టోకెన్ రూపంలో సర్వర్‌కూ ప్రోగ్రామ్‌కూ మధ్య తిరుగుతాయి.

హామీ ఎక్కడ తెగుతుంది

ఈ హామీలన్నీ సెషన్‌వి, మనిషివి కావు. ఫోన్‌లో మార్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే అవి రెండు సెషన్లు. వెబ్ సర్వర్లు పది ఉండి, టోకెన్ ఒకదాని మెమరీలోనే ఉండిపోతే, తర్వాతి క్లిక్ మరో వెబ్ సర్వర్‌కు వెళ్లగానే హామీ పోతుంది. ‘అప్పుడప్పుడూ పాతది కనబడుతోంది, రిఫ్రెష్ కొడితే సరవుతోంది’ అనే ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇక్కడే. ఒక వినియోగదారుడికి వరుసగా చూపిన వెర్షన్ సంఖ్యలను లాగ్‌లో రాసి పెడితే చాలు. సంఖ్య తగ్గిన చోట మోనోటోనిక్ రీడ్స్ తెగింది. తన రాత సంఖ్యకన్నా తక్కువ వచ్చిన చోట రీడ్ యువర్ రైట్స్ తెగింది.

రెండింటికీ వెల కూడా ఒకటి కాదు. నెట్‌వర్క్ రెండుగా చీలినా మోనోటోనిక్ రీడ్స్ నిలబెట్టుకోవచ్చని పీటర్ బెయిలిస్ బృందం చూపింది. కొత్త రాతలు అన్ని నకళ్లకూ చేరేదాకా ఎవరికీ చూపించకుండా ఆపితే సరి, చూపు వెనక్కి పోయే ప్రసక్తే ఉండదు. రీడ్ యువర్ రైట్స్‌కు ఆ వెసులుబాటు లేదు. చీలికకు అటువైపు రాసి ఇటువైపు వచ్చినవాడికి అతని రాత చూపించే దారి లేదు. రాసిన సర్వర్‌నే అంటిపెట్టుకోవాలి, లేదా ఆగాలి.

అందుకే ఏది ఎవరికి కావాలో ముందే తేల్చుకోవడం మేలు. టెర్రీయే తర్వాతి కాలంలో బేస్‌బాల్ ఆటతో ఈ సంగతి వివరించాడు. స్కోరు నమోదు చేసేది ఒక్కడే కాబట్టి అతనికి తన రాత తనకు కనబడితే చాలు, అది అత్యంత కట్టుదిట్టమైన పద్ధతితో సమానం. రేడియోలో స్కోరు చెప్పేవాడికి కాస్త పాతదైనా ఫర్వాలేదు, ఒకసారి 2-5 అని చెప్పాక తర్వాతి ప్రసారంలో 1-3 అనకుండా ఉంటే చాలు. అతనికి కావలసినవాటిలో ఒకటి మోనోటోనిక్ రీడ్స్, తన రాతలతో అతనికి పనే లేదు.